యాభై రెండులోంచి ముప్పై ఎనిమిది

పల్నాడులో మాచర్ల, గురజాల వైపు ఏ ఊరి ప్రాథమిక పాఠశాలకైనా వెళ్లి, మూడో తరగతి పిల్లలకు 52లోంచి 38 తీసివేయమని పలకల మీద లెక్క ఇవ్వండి. కొందరు 14 వేస్తారు. కొందరు 26 వేస్తారు. ఈ 26 తోచిన అంకె వేసి చేతులు దులుపుకున్నది కాదు. ఒకట్ల స్థానంలో 2లోంచి 8 పోదు. అందుకని పిల్ల 8లోంచి 2 తీసి 6 వేసింది. పదుల స్థానంలో 5లోంచి 3 తీసి 2 వేసింది. అప్పటిదాకా ఆమె చేసిన తీసివేతలన్నీ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసినవే. ఆ నియమాన్నే ఇక్కడా తు.చ. తప్పకుండా పాటించింది. 24 వేసే పిల్లలు కూడా ఉంటారు. వాళ్లు పదుల నుంచి అప్పు తెచ్చుకున్నారు, 12లోంచి 8 తీసి 4 వేశారు. కానీ అప్పు ఇచ్చిన 5 ఇప్పుడు 4 అయిందన్న సంగతి మరిచిపోయి, 5లోంచే 3 తీశారు.

పిల్లల తీసివేత తప్పుల్లో చాలా భాగం ఇలా ఒక పద్ధతి ప్రకారం జరిగేవేనని 1978లో జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే అమెరికన్ పరిశోధకులు చూపించారు. వాళ్లు 'బగ్గీ' అనే కంప్యూటర్ ఆట తయారుచేశారు. అందులో కంప్యూటర్ ఒక విద్యార్థిలా నటిస్తూ, ఏదో ఒక తప్పుడు పద్ధతిని పట్టుకుని లెక్కలు చేస్తుంది. ఆడేది టీచర్లు. ఆ విద్యార్థి పట్టుకున్న పద్ధతి ఏమిటో వాళ్లు కనిపెట్టాలి. తప్పు చేసిన పిల్లను కాక, తప్పును చదవాల్సిన పెద్దలను పరీక్షించిన ఆట అది. పిల్లల కోసం లెక్కల ఆట తయారుచేయాలనుకునే ఎవరికైనా మొదటి పాఠం అక్కడ ఉందని నేను నమ్ముతాను.

ఈ అధ్యాయం మొత్తం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. పిల్ల తెర మీద 26 నొక్కింది. ఆ తర్వాతి మూడు నాలుగు సెకన్లలో ఆట ఏం చేయాలి? ఈ లెక్కనే ఎంచుకోవడానికి కారణం ఉంది. 2005 నుంచి 'అసర్' సర్వే వాళ్లు పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువును పరీక్షిస్తున్నారు. ఆ పరీక్షలో అంకెలు గుర్తుపట్టడం తర్వాత వచ్చే మెట్టు, అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత. చాలామంది పిల్లలు ఆగిపోయేది ఆ మెట్టు దగ్గరే.

బజారులో దొరికే లెక్కల ఆటలు చాలావరకు ఈ మూడు నాలుగు సెకన్లలో చేసేది ఒకటే. ఎర్రటి ఇంటూ గుర్తు, చెవులకు చేదైన శబ్దం, పైన వరసగా ఉన్న గుండె బొమ్మల్లో ఒకటి మాయం. అంతా కలిపి పిల్లకు అందిన సమాచారం 'కాదు' అన్న ఒక్క ముక్క. ఎక్కడ కాదు, ఎంత తేడాలో కాదు అన్నది లేదు. పైగా ఆమె చూపు లెక్క మీద నుంచి జారి తన మీద పడుతుంది. 1996లో అవ్రహాం క్లూగర్, ఏంజెలో డెనిసి అప్పటిదాకా జరిగిన ప్రయోగాల నుంచి 607 ఫలితాలను ఒకచోట చేర్చి చూశారు. చేసిన పని గురించి తిరిగి చెప్పడం సగటున మేలే చేసింది. కానీ మూడోవంతుకు పైగా సందర్భాల్లో, చెప్పిన తర్వాత పని మునుపటికన్నా దిగజారింది. ఆ మాట మనిషి దృష్టిని పని మీద నుంచి తీసి తన మీదకు మళ్లించినకొద్దీ మేలు తగ్గుతుందని వాళ్ల వివరణ. పొగడ్తకూ ఇది వర్తిస్తుంది. 'నువ్వు చాలా తెలివైనదానివి' అన్న మాట కూడా చూపును లెక్క మీద నుంచి తప్పించేదే.

వైకుంఠపాళి ఆడని ఇల్లు మనకు అరుదు. అందులో పాము మింగితే కిందికి జారడం పందేల విధి. ఆడేవాడి తెలివితో దానికి సంబంధం లేదు కాబట్టి ఎవరూ సిగ్గుపడరు. ఆ పటాన్నే తెచ్చి, లెక్క తప్పితే పాము, ఒప్పయితే నిచ్చెన అని మారిస్తే పరిస్థితి తలకిందులవుతుంది. ఇప్పుడు పాము నోట్లో పడేది ప్రతిసారీ ఆ ఒకరిద్దరే. అప్పు తెచ్చుకునే లెక్క రాని పిల్ల ఆ లెక్క ఎదురైన ప్రతిసారీ కింది వరసకు పోతుంది, అక్కడ తనకు ఎప్పుడో వచ్చేసిన తేలిక లెక్కలే మళ్లీ చేస్తుంది. ఏ లెక్క ఆమెకు అందరికన్నా ఎక్కువ కావాలో ఆ లెక్క ఆమెకు అందరికన్నా తక్కువసార్లు దొరుకుతుంది. గుండె బొమ్మలు అయిపోతే ఆట ఆపేసే పద్ధతిలోనూ ఇదే లోపం. దాన్ని కేవలం మనసు నొప్పించే విషయంగా చూడకూడదు. అది సాధన గంటలను తప్పు చేతికి పంచుతుంది.

లండన్‌లో డయానా లారిలార్డ్, బ్రయాన్ బటర్‌వర్త్ లెక్కల్లో బాగా వెనకబడే పిల్లల కోసం ఆటలు తయారుచేస్తూ ఒక సూత్రం పెట్టుకున్నారు. తప్పు ఒప్పుల తీర్పు ఆట చెప్పకూడదు, పిల్ల చేసిన పని ఫలితమే ఆమెకు కనిపించాలి. పాల పొంగును చూసి మంట తగ్గించడం ఎవరూ మార్కులు వేసి నేర్పరు కదా. ఆ సూత్రాన్ని మన 26కు ఎలా అన్వయించాలో చూద్దాం.

ఆటలో ఒక కిరాణా కొట్టు ఉంది. పిల్ల చేతిలో 52 రూపాయలు, అంటే ఐదు పది నోట్లు, రెండు రూపాయి బిళ్లలు. కొన్న సరుకు 38 రూపాయలు. 'ఎంత మిగులుతుంది?' అని కొట్టు అత్త గొంతు అడుగుతుంది. నాలుగు జవాబులు చూపించి ఒకటి ఎంచుకోమనకూడదు. అలా చేస్తే నాలుగింట ఒకసారి ఊరికే నొక్కినా ఒప్పవుతుంది, పైగా పిల్ల తలలో నడిచిన పద్ధతి మనకు కనపడదు. అంకెల పలక ఇచ్చి తననే వేయనివ్వాలి.

పిల్ల 26 వేసింది. ఇంటూ గుర్తు రాదు, శబ్దం రాదు. ఆట ఆమె మాటను నిజమే అనుకుని అమలు చేస్తుంది. 38 రూపాయలు కొట్టు గల్లాపెట్టెలోకి పోతాయి. ఆమె చెప్పిన 26 రూపాయలు ఆమె సంచిలోకి వస్తాయి. తర్వాత రెండూ పక్కపక్కన పరుచుకుంటాయి, 38కి 26 కలిపితే 64. పైన ఆమె ఇంటి నుంచి తెచ్చిన 52 అలాగే ఉంది. అత్త అంటుంది: 'నువ్వు తెచ్చింది యాబై రెండు గదమ్మా. ఈడ అరవై నాలుగున్నయ్యేంది? ఇంకోసారి చూడు.' అంతే. ఆమె వేసిన 26 చెరిగిపోదు, బూడిద రంగులో పక్కన నిలబడి ఉంటుంది. దాని పక్కనే కొత్త జవాబు కోసం ఖాళీ గడి తెరుచుకుంటుంది.

ఇక్కడ ఆట అబద్ధమాడలేదు. తప్పును 'బాగానే చేశావు' అని కప్పిపుచ్చలేదు. ప్రోత్సహించడం పేరుతో కొన్ని ఆటలు తప్పుకూ ఒప్పుకూ ఒకే నక్షత్రాలు రాలుస్తాయి. పిల్లలు దాన్ని నాలుగైదు లెక్కల్లోనే పసిగడతారు, ఆ తర్వాత నక్షత్రాలకు విలువ ఉండదు. కొట్టులో మాత్రం తప్పు పూర్తిగా బయటపడింది. కాకపోతే 12 రూపాయలు ఎక్కువ తేలిన ఒక చిక్కుగా బయటపడింది. ఆ చిక్కు విప్పడమే ఇప్పుడు ఆట.

అదే పిల్ల 24 వేసి ఉంటే కలిపినప్పుడు 62 వస్తుంది. సరిగ్గా పది రూపాయలు ఎక్కువ. ఆ పది ఎక్కడిది? పది నోటు మార్చి పది బిళ్లలు తీసుకుంది, కానీ నోటును ఇంకా తన దగ్గరే లెక్కపెట్టుకుంది. అందుకని 24 వేసినప్పుడు ఆట చూపాల్సింది వేరే. మార్చిన నోటు దగ్గరే కాసేపు ఆగి, ఆ నోటు గల్లాలోకి వెళ్లడం మెల్లగా చూపించాలి. ఎవరైనా 15 వేస్తే కలిపినప్పుడు 53 వస్తుంది, తేడా ఒక్క రూపాయి. ఆ పిల్లకు అప్పు తెచ్చుకోవడం వచ్చు, లెక్కపెట్టడంలో వేలు జారింది. ఆమెకు నోటు మార్చడం గురించి పాఠం చెబితే విసుగొస్తుంది. 'ఒక్క రూపాయే తేడా' అని ఊరుకోవాలి.

ఇలా తప్పులను వేరుచేయాలంటే లెక్కలను చూసి ఎంచుకోవాలి. ఉదాహరణకు 41లోంచి 16 తీయమన్నాం అనుకుందాం. సరైన జవాబు 25. తిరగేసి తీసే పిల్ల ఒకట్లలో 6లోంచి 1 తీసి 5, పదుల్లో 3 వేస్తుంది, 35 అవుతుంది. అప్పు తెచ్చి మరిచే పిల్ల 11లోంచి 6 తీసి 5, పదుల్లో 3 వేస్తుంది, అదీ 35. రెండు వేర్వేరు పొరపాట్లకు ఒకటే జవాబు. ఏ పిల్లకు ఏం చూపాలో ఆటకు తెలియదు. ఒకట్ల అంకెల మధ్య తేడా 5 అయినప్పుడల్లా ఇలాగే జరుగుతుంది. 52, 38లో ఆ తేడా 6 కాబట్టి ఒకటి 26గా, ఒకటి 24గా విడిపోయాయి. లెక్కల జాబితాను యాదృచ్ఛికంగా తయారుచేసే ప్రోగ్రాములో ఈ ఒక్క షరతు పెట్టకపోతే ఆట ఎంత అందంగా ఉన్నా కొన్నిసార్లు తప్పు సలహా ఇస్తుంది.

రెండోసారీ కుదరకపోతే మాటలు పెంచకూడదు, చేతికి పని ఇవ్వాలి. ఇప్పుడు నోట్లు కదులుతాయి. పిల్ల పది నోటు మీద వేలు పెడితే అది పది బిళ్లలుగా విడిపోతుంది. నాలుగు నోట్లు, పన్నెండు బిళ్లలు. మొత్తం ఇంకా 52 అని పైన కనిపిస్తూనే ఉంటుంది. పన్నెండులోంచి ఎనిమిది బిళ్లలు అత్త చేతిలో పెడుతుంది, మూడు నోట్లు పెడుతుంది, మిగిలినవి లెక్కపెట్టుకుంటుంది. మూడోసారికి ఆట మొదటి నోటు తానే మార్చి చూపి, మిగతాది పిల్లకు వదిలేస్తుంది. ఆ తర్వాత అలాంటిదే మరో లెక్క, 63లోంచి 27, రెండు మూడు లెక్కల అవతల వస్తుంది. వెంటనే ఇస్తే అదే పని చేత్తో మళ్లీ చేసేస్తుంది. కాస్త ఎడం ఉంటేనే గుర్తుంచుకున్నదీ లేనిదీ తెలుస్తుంది. ఇక్కడ 36 వస్తే పద్ధతి మారింది, 44 వస్తే పాత నియమం ఇంకా అలాగే ఉంది.

మరి బహుమతి దేనికి? ఎలినార్ ఓరూర్క్, కరోల్ డ్వెక్, జోరాన్ పోపోవిచ్, వారి సహచరులు 2014లో భిన్నాల ఆట ఒకదానితో ఒక ప్రయోగం నివేదించారు. వేలమంది పిల్లలు ఇంటర్నెట్‌లో ఆడిన ఆట అది. కొందరికి స్థాయి పూర్తిచేసినప్పుడు పాయింట్లు ఇచ్చారు. మిగతావారికి కొత్త దారి ప్రయత్నించినప్పుడు, లెక్క వైపు కొంచెం ముందుకు జరిగినప్పుడు పాయింట్లు ఇచ్చారు. రెండో రకం ఆట ఆడిన పిల్లలు ఎక్కువసేపు నిలబడ్డారు, వెనకబడుతున్న పిల్లల్లోనూ పట్టుదల పెరిగింది. ఈ ఫలితాన్ని మరీ సాగదీయకూడదు. ఎక్కువసేపు ఆడడం, ఎక్కువ నేర్చుకోవడం ఒకటి కాదు. తెలివి శ్రమతో పెరుగుతుందని నమ్మిస్తే పిల్లల చదువు మారుతుందన్న వాదం మీద తర్వాత జరిగిన పరిశీలనల్లో సగటు ప్రభావం చిన్నదిగానే తేలింది. అయినా మన కొట్టుకు ఇది చాలు. 26 వేశాక నోటు మార్చి చూసిన పిల్లకు అత్త ఒక చింతకాయ ఇస్తుంది, జవాబు అప్పటికి ఇంకా రాకపోయినా సరే. 14 వచ్చినప్పుడు విడిగా బహుమతి అక్కర్లేదు. సంచిలో, గల్లాలో ఉన్నవి కలిపి 52కు సరిపోవడమే ఆ లెక్కకు ముగింపు.

కాలం గురించి కూడా ఇక్కడే చెప్పాలి. నెదర్లాండ్స్‌లో 'రెకెన్‌టౌన్' అనే లెక్కల ఆటలో తెర కింద నాణేలు సెకనుకొకటి చొప్పున కరిగిపోతుంటాయి. ఒప్పయితే మిగిలిన నాణేలు వస్తాయి, తప్పయితే మిగిలినన్ని నాణేలు పిల్ల ఖాతాలోంచి పోతాయి. గుడ్డిగా నొక్కడాన్ని ఆపడానికి పెట్టిన తెలివైన ఏర్పాటు అది. తెలియనప్పుడు నొక్కడానికి ఒక ప్రశ్నార్థకం గుర్తు కూడా పెట్టారు, దానికి నాణేలు పోవు. ఎక్కాల వేగం పెంచడానికి ఇది పనికొస్తుంది. అప్పు తెచ్చుకోవడం అప్పుడే నేర్చుకుంటున్న పిల్లకు మాత్రం, నోటు మార్చి చూసే తీరిక దొరక్కుండా చేస్తుంది. కొట్టులో గడియారం ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. రెకెన్‌టౌన్ మీదే 2013లో వచ్చిన ఒక పరిశోధన ఎక్కువసార్లు ఒప్పయ్యేలా లెక్కలు ఇచ్చిన పిల్లలు ఎక్కువ లెక్కలు చేశారని చెప్పింది. నాలుగింట మూడు ఒప్పు వచ్చేలా కష్టాన్ని సర్దడం కొన్ని ఆటల్లో ఉన్న అలవాటు. మొదటి వారాల్లో దాన్ని పదింట తొమ్మిది దాకా పెంచినా నష్టం లేదు.

పల్నాడు కోసం చేసే ఆటలో ఒక సంగతి తప్పనిసరిగా తీసేయాలి. రోజూ ఆడితే వరస పెరుగుతుంది, ఒక్కరోజు మానితే సున్నాకు పడిపోతుంది అనే ఏర్పాటు. మిరప కోతల కాలంలో తల్లిదండ్రులతో చేలకు వెళ్లే పిల్లలుంటారు. పని కోసం వేరే జిల్లాల నుంచి వచ్చి వారాల తరబడి ఇక్కడే ఉండే కుటుంబాల పిల్లలూ ఉంటారు. వాళ్లు ఆట మానింది దాని మీద ఇష్టం లేక కాదు. ఫోను ఇంటికి ఒకటే ఉంటుంది, అది నాన్న జేబులో సాయంత్రం తిరిగొస్తుంది. అందుకని నెట్ లేకపోయినా ఆట నడవాలి, ఒకే ఫోనులో అన్నాచెల్లెళ్లకు వేర్వేరు సంచులు ఉండాలి, నెల తర్వాత తెరిచినా 'వచ్చావా, రా' అని ఆగినచోటికన్నా ఒక మెట్టు తేలిక లెక్కతో మొదలవ్వాలి.

ఇదంతా కోడ్ రాయకముందే అట్టముక్కలతో ఆడించి చూడొచ్చు. అట్ట నోట్లు, చింతగింజలు బిళ్లలుగా, కొట్టు అత్తగా ఒక టీచరు. టీచరు ముందే రాసుకున్న మాటలు తప్ప మరేమీ అనకూడదు. నరసరావుపేటలో కూర్చుని రాసిన వాక్యం పిల్లకు అర్థం కానప్పుడు, ఆమె లెక్కను కాక టీచరు ముఖాన్ని చూస్తుంది. చూపు ముఖం మీదకు పోయిందంటే ఆ వాక్యం మార్చాలి. అందం కోసం పెట్టినవి కూడా ఇక్కడే దొరికిపోతాయి. తప్పు జవాబుకు కోతి పల్టీ కొడితే, పల్టీ కోసమే పిల్లలు తప్పులు వేస్తారు.

ఫోనులోకి వెళ్లాక చూడాల్సినవి రెండు. ఒకటి, తప్పు జవాబు తర్వాత కొత్త జవాబు ఎంతసేపటికి వచ్చింది. ఒక సెకనులోనే మరో అంకె పడితే పిల్ల 64ను చూడలేదు, ఊహిస్తోంది. అప్పుడు 38, 26 పక్కపక్కన పరిచే దృశ్యాన్ని ఇంకాస్త నెమ్మదిగా నడపాలి. రెండు, ఆట వదిలేసిన పిల్లల్లో ఎంతమంది తప్పు జవాబు వెంటనే వదిలారు. ఒప్పు తర్వాత వదిలినవాళ్లకన్నా వీళ్లు చాలా ఎక్కువగా ఉంటే, మనం ప్రోత్సాహం అనుకున్నది ఆ పిల్లలకు చీవాటులా వినిపిస్తోందన్నమాట. మొత్తం స్కోరు చూస్తే ఈ రెండూ కనిపించవు.

కొట్టుకు ఒక పెద్ద పరిమితి ఉంది. 2025లో 'నేచర్' పత్రికలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే పిల్లల గురించి రాశారు. చిల్లర లెక్కలు నోటితో దాదాపు తప్పు లేకుండా చెప్పే ఆ పిల్లలు, అదే స్థాయి లెక్కను బడి పద్ధతిలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. బడికి మాత్రమే వెళ్లే పిల్లలకు కాగితం మీద వచ్చిన లెక్క బజారు లెక్కలో ఆదుకోలేదు. అంటే మన పిల్ల కొట్టులో నోట్లు చకచకా మారుస్తూ, పలక మీద మళ్లీ 26 వేసే ప్రమాదం నిజంగా ఉంది. దీనికి ఆటలోనే దారి వేయాలి. మొదటి దశలో నోట్ల పక్కనే నిలువు లెక్క కనిపిస్తుంది. పిల్ల నోటు మార్చిన క్షణాన నిలువు లెక్కలో 5 కొట్టివేత పడి 4 అవుతుంది, 2 పక్కకు 1 వచ్చి 12 అవుతుంది. తర్వాతి దశలో ఆ కొట్టివేత పిల్లే చేయాలి, అప్పుడే నోటు విడుతుంది. ఆ తర్వాత నోట్లు మసకబారతాయి, అడిగితేనే వస్తాయి. చివరికి నిలువు లెక్క ఒక్కటే మిగులుతుంది. సరిచూసుకోవడం మాత్రం పాత పద్ధతిలోనే, తీసేసినదీ మిగిలినదీ కలిపి.

వారం గడిచాక టీచరు ఫోను లేకుండా పలక మీద 50లోంచి 38 ఇవ్వాలి. సున్నా ఉన్న లెక్క కావాలనే ఇవ్వడం. సున్నాలోంచి 8 పోదని 0 వేసేసే పిల్ల 20 వేస్తుంది, తిరగేసే పిల్ల 28, అప్పిచ్చిన సంగతి మరిచే పిల్ల 22. పిల్ల 12 వేసి, పక్కన చిన్నగా 38కి 12 కలిపి చూసుకుని ఉంటే, అది ఎవరూ చెప్పకుండానే చేసి ఉంటే, ఆమెకు ఆ లెక్క కోసం ఇక కొట్టు తెరవక్కర్లేదు. మూడంకెల తీసివేతకు వెళ్లొచ్చు.